స్క్రీన్‌షాట్ చూసి ఫొటో అసలుదని తేల్చవచ్చా?

ప్రశ్న: వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక ఫొటోకి స్క్రీన్‌షాట్ మాత్రమే నా దగ్గర ఉంది. అసలుదో కాదో దీంతో తేలుతుందా?

నకిలీ అని తేలే అవకాశం ఉంది. అసలుదే అని మాత్రం తేలదు.

స్క్రీన్‌షాట్ అంటే మీ ఫోన్ కొత్తగా తయారుచేసిన ఫైలు. ఏ కెమెరాతో, ఎప్పుడు తీశారన్న EXIF వివరాలు అందులోకి రావు. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోలో కూడా ఆ వివరాలు పోతాయి, పైగా సైజు తగ్గించి మళ్లీ JPEG చేస్తుంది. JPEG ఫొటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి సన్నని తేడాలను వదిలేస్తుంది కాబట్టి, అతికించిన చోట ఉండాల్సిన నాయిస్, అంటే సన్నని చుక్కల్లాంటి గరుకుదనంలోని తేడా, చాలావరకు చెరిగిపోతుంది. అందుకే "మార్ఫింగ్ ఆనవాళ్లు దొరకలేదు" అంటే మార్ఫింగ్ జరగలేదని కాదు. ఇంకో చిక్కు, అక్షరాల అంచుల్లో కనిపించే మసకని చూసి "ఇదిగో ఎడిట్ చేశారు" అంటుంటారు, అది చాలాసార్లు కంప్రెషన్ వల్ల వచ్చిన మచ్చే.

మరి నకిలీ అని ఎలా తేలుతుంది? 2011లో ఐరీన్ తుపాను సమయంలో, ప్యూర్టో రికోలో నీట మునిగిన రోడ్డు మీద షార్క్ ఈదుతున్నట్టు ఒక ఫొటో తిరిగింది. అందులోని షార్క్, 2005లో ఒక పత్రికలో వచ్చిన కయాక్ అనే చిన్న పడవ ఫొటోలోది. అదే ఒంపు, అదే రెక్క. ఇది తేల్చడానికి పిక్సెళ్ల లెక్క అక్కర్లేదు, మసక కాపీ అయినా పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. 2017లో హ్యూస్టన్ వరదలప్పుడు కూడా అదే షార్క్ మళ్లీ వచ్చింది.

కాబట్టి ముందు రివర్స్ ఇమేజ్ సెర్చ్ చేయండి, అంటే ఆ ఫొటోనే ఇచ్చి అది నెట్‌లో ఇంకెక్కడ ఉందో వెతకండి. ఏమీ దొరక్కపోతే, ఫొటో తీసినవాళ్లనే ఒరిజినల్ ఫైలుని "డాక్యుమెంట్"గా పంపమని అడగండి. అది కూడా రాకపోతే "తేల్చలేం" అనే రాయాలి.