0011 సరిపోయింది, 000111 దగ్గర ఎందుకు ఆగింది?

ప్రశ్న: సర్, నేను రోజూ తాడిపత్రి నుంచి అనంతపురం వెళ్లి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. థియరీ ఆఫ్ కంప్యుటేషన్ మిడ్ పరీక్షలో 0ⁿ1ⁿ (n ≥ 1) కు ట్యూరింగ్ మెషీన్ రాయమన్నారు. 01, 0011 రెండూ వేసి చూసుకున్నాను, సరిపోయాయి. అయినా సగం మార్కులే వచ్చాయి. జవాబు ఫోటో పంపుతున్నాను. ఎక్కడ తప్పు చేశాను? గేట్‌కు ఈ పాఠం వదిలేయవచ్చా?

జవాబు: మీ ఫోటో చూశానమ్మా. పద్ధతి సరిగ్గానే పట్టుకున్నారు. ఎడమ నుంచి ఒక సున్నాను కొట్టేయడం, కుడికి వెళ్లి దానికి జతగా ఒక ఒకటిని కొట్టేయడం, మళ్లీ వెనక్కి రావడం. సగం మార్కులు అందుకే వచ్చి ఉంటాయి. తప్పల్లా గుర్తు దగ్గర జరిగింది. సున్నాను కొట్టేసినప్పుడు X రాశారు, ఒకటిని కొట్టేసినప్పుడూ X రాశారు.

ఒక గళ్ల నోటుబుక్కు తీసుకుని ఆరు గళ్లలో 000111 పెన్సిలుతో రాసి, మీ మెషీన్‌నే నడిపి చూడండి. మొదటి చుట్టు తర్వాత టేపు మీద X00X11 ఉంటుంది. హెడ్ వెనక్కి వస్తూ సున్నాలను దాటి, మొదటి గడిలోని X చూసి, కుడికి ఒక గడి జరుగుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. రెండో చుట్టులో రెండో గడి X అవుతుంది, అయిదో గడిలోని ఒకటి కూడా X అవుతుంది. టేపు మీద ఇప్పుడు XX0XX1. హెడ్ ఎడమకు కదలగానే నాలుగో గడిలో X కనబడుతుంది. అది మొదటి చుట్టులో కొట్టేసిన ఒకటి. కానీ హెడ్‌ను వెనక్కి నడిపే మీ q2 స్టేట్ దాన్ని కొట్టేసిన సున్నా అనుకుని అక్కడి నుంచే కుడికి తిరిగిపోతుంది. అయిదో గడిలో, తర్వాతి సున్నా కోసం చూసే q0 కు మళ్లీ X కనబడుతుంది. సున్నాలు అయిపోయాయని భావించి, చివరి తనిఖీ చేసే q3 లోకి వెళుతుంది. ఆరో గడిలో ఒకటి మిగిలి ఉంది కాబట్టి స్ట్రింగ్‌ను తిరస్కరిస్తుంది. మూడో గడిలోని సున్నా దగ్గరకు హెడ్ మళ్లీ వెళ్లనే లేదు.

ఇప్పుడు చివరి ఒకటిని చెరిపేసి 00011 వేసి చూడండి. అంతా అదే దారిలో నడుస్తుంది. అయితే ఈసారి ఆరో గడిలో బ్లాంక్ ఉంటుంది కాబట్టి మీ మెషీన్ అంగీకరిస్తుంది. అంటే ఒప్పుకోవలసిన స్ట్రింగ్‌ను కాదంది, కాదనవలసినదాన్ని ఒప్పుకుంది. 0011 లో ఈ లోపం ఎందుకు బయటపడలేదంటే, రెండో చుట్టుకే సున్నాలన్నీ అయిపోయాయి. హెడ్ తప్పు చోట వెనుదిరిగినా దాటిపోవడానికి అక్కడ సున్నా మిగలలేదు. అందుకే ఈ రకం ప్రశ్నకు n = 3 దాకా వేసి చూడకుండా పేపరు ఇవ్వకూడదు.

మెషీన్‌కు తెలిసేవి రెండే: తాను ఏ స్టేట్‌లో ఉంది, హెడ్ కింది గడిలో ఏముంది. ఎన్ని సున్నాలు కొట్టేశామన్నది అది లెక్కపెట్టుకోలేదు. n ఎంత పెద్దదైనా కావచ్చు, స్టేట్‌లు మాత్రం పరిమితం. కాబట్టి గుర్తుంచుకోవలసిన ప్రతి విషయమూ టేపు మీదే కనబడాలి. సున్నాకు X, ఒకటికి Y అని వేరు చేస్తే వెనక్కి వచ్చే హెడ్ Y లను, సున్నాలను దాటుకుంటూ వచ్చి, X దగ్గర మాత్రమే తిరుగుతుంది. సరైన మెషీన్ ఇది:

```
δ(q0,0) = (q1,X,R)    δ(q0,Y) = (q3,Y,R)
δ(q1,0) = (q1,0,R)    δ(q1,Y) = (q1,Y,R)
δ(q1,1) = (q2,Y,L)
δ(q2,0) = (q2,0,L)    δ(q2,Y) = (q2,Y,L)
δ(q2,X) = (q0,X,R)
δ(q3,Y) = (q3,Y,R)    δ(q3,B) = (q4,B,R)
```

ఇందులో B అంటే బ్లాంక్, q4 అంగీకార స్టేట్. ఇక్కడ రాయని జత ఎదురైతే మెషీన్ ఆగిపోతుంది, స్ట్రింగ్ తిరస్కరణకు గురవుతుంది. ఈ మాట జవాబులో ఒక వాక్యంగా తప్పక రాయండి. లేకపోతే ఆ జతలను మరిచిపోయారా, కావాలనే వదిలేశారా అన్నది దిద్దేవారికి తెలియదు.

చాలామంది పిల్లలు q3 ని అనవసరమనుకుని, q0 కు Y కనబడగానే నేరుగా అంగీకార స్టేట్‌కు బాణం గీసేస్తారు. సున్నాలు అయిపోయాయి కదా, ఇంకేముంది అన్నది వారి ఆలోచన. 011 వేసి చూస్తే సంగతి తేలిపోతుంది. ఒక చుట్టు తర్వాత టేపు మీద XY1 ఉంటుంది, q0 కు రెండో గడిలో Y కనబడుతుంది. అక్కడే అంగీకరిస్తే చివర మిగిలిన ఒకటిని ఎవరూ చూడరు. q3 పని అదే: బ్లాంక్ వచ్చేదాకా కుడికి నడిచి, Y లు తప్ప మరేమీ మిగలలేదని తేల్చుకోవడం. 010 చివర ఉన్న సున్నా కూడా దానికే దొరుకుతుంది. సున్నాలు ఎక్కువైన 001 మాత్రం q3 దాకా రాదు. రెండో సున్నాకు జత వెతుకుతున్న q1 కు ఒకటి బదులు బ్లాంక్ తగులుతుంది, అక్కడే ఆగిపోతుంది.

పరీక్షలో ముందు మూడు నాలుగు వాక్యాల్లో పద్ధతి చెప్పండి, తర్వాత పట్టిక రాయండి, ఆ తర్వాత 0011 నడక చూపండి. ఆ నడకలో సరిగ్గా 13 కదలికలు ఉంటాయి. మీకు అంతకంటే ఎక్కువో తక్కువో వస్తే ఎక్కడో ఒక గడి తప్పినట్టే. తిరస్కరించే స్ట్రింగ్ కూడా ఒకటి రాయండి. నేనైతే 011 ఎంచుకుంటాను, q3 ఎందుకు ఉందో దానితోనే తెలుస్తుంది.

ఇక గేట్ సంగతి. ఈ పాఠం వదలకండి. కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో థియరీ ఆఫ్ కంప్యుటేషన్ ఉంది, ట్యూరింగ్ మెషీన్లు, అన్‌డిసైడబిలిటీ దానిలో భాగమే. అయితే అక్కడ కాగితం మీద మెషీన్ గీయమని అడగరు. ప్రశ్నలు బహుళైచ్ఛిక, బహుళ సమాధాన, సంఖ్యా సమాధాన రకాల్లో ఉంటాయి. కాబట్టి ఇచ్చిన పట్టికను చదివి అది ఏ భాషను అంగీకరిస్తుందో, ఫలానా స్ట్రింగ్ మీద ఎక్కడ ఆగుతుందో, అసలు ఆగుతుందో లేదో చెప్పగలగాలి. మీరు రాసిన ఆ తప్పు మెషీన్‌నే దీనికి వాడుకోండి. అది ఏయే స్ట్రింగ్‌లను అంగీకరిస్తుందో తేల్చండి, గేట్‌కు కావలసిన సాధన సరిగ్గా అదే.

0ⁿ1ⁿ కు నిజానికి పుష్‌డౌన్ ఆటోమేటా సరిపోతుంది. ట్యూరింగ్ మెషీన్ అవసరం ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే తర్వాత 0ⁿ1ⁿ2ⁿ చేయండి, దానికి పుష్‌డౌన్ ఆటోమేటా చాలదు. పై పట్టికకే Z అనే మూడో గుర్తు, రెండుల దాకా నడిపించే ఇంకో స్టేట్ చేర్చాలి. వెనక్కి వచ్చేటప్పుడు హెడ్ Z, 1, Y, 0 అన్నిటినీ దాటి X దగ్గరే తిరగాలి. చివరి తనిఖీలో Y ల తర్వాత Z లను కూడా దాటి బ్లాంక్ చేరాలి. గీశాక 001122 తో ఆపకుండా 000111222 వేసి చూడండి.