పూతరేకుల సైటుకు .in తీసుకోవాలా, .shop తీసుకోవాలా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం. పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మడానికి సైటు పెడుతున్నాం. సైటు పేరు చివర .shop అయితే మొదటి ఏడాది వంద రూపాయల లోపే వస్తోంది, .in కు అంతకు చాలా ఎక్కువ అడుగుతున్నారు. కొనేవాళ్లు నమ్మడంలో నిజంగా తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ, కానీ ముందు రెండో ఏడాది ధర చూడండి. అమలాపురంలో మా బంధువుల కొబ్బరి పీచు యూనిట్ సైటు నేనే చూస్తాను. దానికి వాళ్లు ఇలాంటి కొత్త చివర ఉన్న పేరే తీసుకుంటే, మొదటి ఏడాది వంద లోపు ఉన్నది రెండో ఏడాది రెన్యువల్‌కు మూడు వేలు దాటింది. పెట్టెల మీద, విజిటింగ్ కార్డుల మీద ఆ పేరే అచ్చయి ఉండటంతో కట్టక తప్పలేదు.

దీనికి కారణం ఉంది. .in మన దేశానికి కేటాయించినది. దాన్ని నిక్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ నిర్వహిస్తుంది. .shop వంటివి, ప్రపంచమంతటా ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2012లో పిలిచిన దరఖాస్తులతో వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్లు కట్టి వాటిని దక్కించుకున్న సంస్థల ధరలకు గరిష్ఠ పరిమితి లేదు. రెన్యువల్ ధర పెంచే ముందు ఆ సంస్థ, మనకు పేర్లు అమ్మే రిజిస్ట్రార్లకు ఆరు నెలల ముందుగా తెలపాలి, ఆలోగా పాత ధరకే పదేళ్ల వరకు పొడిగించుకునే వీలుంటుంది. అందుకే రిజిస్ట్రార్ నుంచి వచ్చే మెయిళ్లను తప్పక చదవండి.

ఇక నమ్మకం సంగతి. .shop అని ఉన్నంత మాత్రాన అక్కడ దుకాణం ఉందని ఎవరూ తనిఖీ చేయలేదు. .in కూడా 2005 నుంచి ఎవరైనా కొనగలిగేదే కాబట్టి అది కూడా హామీ కాదు. అర్హత చూశాకే ఇచ్చేవి కొన్నే: ప్రభుత్వ శాఖలకు .gov.in, బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 2025లో తెచ్చిన .bank.in. మోసగాళ్లు ఈ నమ్మకాన్నే వాడుకుంటారు. వాట్సాప్‌లో `bank.in-kyc.top/login` లాంటి లింకు వస్తే, చూపు bank.in దగ్గరే ఆగిపోతుంది. కానీ మొదట్లో https:// ఉంటే దాన్ని వదిలేసి, ఆ తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి చుక్క తరువాత ఉన్నదే అసలు చివర. అంటే ఇది .top, కొన్న పేరు in-kyc. పేర్లు చవగ్గా, గుంపుగా దొరికే చివరలనే మోసగాళ్లు ఎక్కువగా కొంటారు కనుక, కొన్ని మెయిల్ ఫిల్టర్లు ఆ చివరలున్న నిజాయితీ దుకాణాలను కూడా అనుమానిస్తాయి.

మీ కొనుగోలుదారుల్లో చాలామంది ఫోనులో పేరు విని టైపు చేస్తారు. మా పీచు యూనిట్‌కు ఫోన్ చేసేవాళ్లు కొత్త చివర చెప్పగానే దాని తరువాత .com కూడా చేర్చి, సైటు రావడం లేదని మళ్లీ చేసేవారు. .in అంటే ఆ ఇబ్బంది ఉండదు, అది ఈ దేశానిదని కూడా వాళ్లకు తెలుసు. అందుకే మీకు .in తీసుకొని, వీలైతే ఒకేసారి కొన్నేళ్లకు కట్టమని నా సలహా. .shop కావాలనిపిస్తే, చెల్లించే ముందు రిజిస్ట్రార్ పేజీలో రెన్యువల్ అని రాసి ఉన్న అంకె చూసి, దానినే అసలు ధరగా లెక్కించుకోండి.