గ్రూప్ చాట్ స్క్రీన్‌షాట్ల నుంచి నిర్ణయాలు, పనులు

కడపలో మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో బోరు మోటార్ గురించి జరిగిన చర్చ ఆరు స్క్రీన్‌షాట్లుగా వచ్చింది. ఏం తేల్చారో, ఎవరు ఏం చేయాలో ఎలా రాయాలి?

ముందు వరస సరిచూడండి. ఒక స్క్రీన్‌షాట్ చివరి మెసేజ్ తర్వాతి దాని పైభాగంలో మళ్లీ కనిపించాలి. కనిపించకపోతే మధ్యలో కొంత పోయి ఉండొచ్చు. పంపినవాళ్లను ఆ ముక్క అడగండి, ఊహించి పూరించవద్దు.

తర్వాత కింది నుంచి పైకి చదవండి, ఎందుకంటే చివరి మాట ముందు మాటను రద్దు చేస్తుంది. పొద్దున ఒకరు "కొత్త మోటార్ కొందాం" అంటే నలుగురు థంబ్సప్ ఎమోజీ పెట్టారనుకుందాం. సాయంత్రం ప్రెసిడెంట్ "వద్దులే, రీవైండింగ్ చేయిద్దాం" అంటే సెక్రటరీ "సరే, రేపు మెకానిక్‌ను పిలుస్తా" అన్నారు. నిర్ణయం రీవైండింగే. కొత్త మోటార్ వట్టి ప్రతిపాదన. అయితే ఆ "సరే" దేనికో ఖాయం చేసుకోవాలి. దాని పైన చిన్న పెట్టెలో కోట్ చేసిన మెసేజ్ ఉంటే అదే ఆధారం.

తేదీల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. "రేపు" అంటే మెసేజ్ పెట్టిన రోజుకు రేపు. తెరపై "నిన్న" అని ఉంటే అది స్క్రీన్‌షాట్ తీసిన రోజుకు నిన్న. రెండూ అసలు తేదీలుగా మార్చి రాయండి. సెక్రటరీ ఆ మెసేజ్ 13న పెట్టారనుకుంటే ఇలా:

నిర్ణయం: మోటార్ రీవైండింగ్.
పని: మెకానిక్‌ను పిలవడం – సెక్రటరీ – 14వ తేదీ.
తేలనిది: ఖర్చు ఎలా పంచుకోవాలి.

"ఎవరైనా డబ్బులు వసూలు చేయండి" లాంటి మాటకు ఎవరూ ఒప్పుకోకపోతే పేరు పెట్టకండి, తేలనివాటిలో చేర్చండి.