అమ్మ డిపాజిట్ మీద బ్యాంకు పట్టు

ప్రశ్న: పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాను. పొందూరులో నా పేరు మీదున్న స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి 10 లక్షల అప్పు మంజూరైంది. మారే వడ్డీ, ప్రస్తుతం 9 శాతం. గడువు 15 ఏళ్లు. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ప్రైమరీ అన్న చోట స్థలం, ఇల్లు రాశారు. కొలేటరల్ అన్న చోట అమ్మ పేరు మీదున్న 2 లక్షల డిపాజిట్ రాసి, దాని మీద లీన్ వేస్తామన్నారు. చివర అమార్టైజేషన్ అని పేజీల కొద్దీ అంకెలున్నాయి. మా ఇంట్లో బ్యాంకు అప్పు ఇదే మొదటిది. అమ్మ డబ్బు పోతుందా? సంతకం పెట్టవచ్చా?

జవాబు: డిపాజిట్ ఇవాళ ఎక్కడికీ పోదు. కానీ మీ వాయిదాలు తప్పితే ఇంటికంటే ముందు పోయేది అదే. అందుకే ఆ కాగితంలో నేను ముందుగా చూసే మాట లీన్.

కొలేటరల్ అంటే అప్పుకు హామీగా చూపించిన ఆస్తి. మామూలు మాటల్లో స్థలం కూడా హామీయే. బ్యాంకు కాగితాల్లో మాత్రం దాన్ని రెండుగా విడదీస్తారు. అప్పు సొమ్ముతో సమకూరే ఆస్తి ప్రైమరీ. అది చాలదనుకుని పైన అడిగేది కొలేటరల్. ఇంటి అప్పులు చాలావరకు ఇల్లు, స్థలం తనఖా మీదే నడుస్తాయి. కాబట్టి డిపాజిట్ ఎందుకు కావలసి వచ్చిందో మేనేజరును అడగండి. స్థలానికి విలువ తక్కువ కట్టారా, మీ జీతం లెక్కకు సరిపోలేదా? కారణం తెలిస్తేనే ఆ హామీ ఎంతకాలం ఉండాలో మాట్లాడుకోవచ్చు.

కొలేటరల్ వస్తువైతే, లీన్ దాని మీద బ్యాంకు పట్టు. డిపాజిట్ అమ్మగారి పేరు మీదే ఉంటుంది, వడ్డీ ఆమెకే వస్తుంది. అయితే గడువు తీరినా, ఎంత అవసరం వచ్చినా బ్యాంకు ఆ పట్టు వదిలేదాకా ఆమె అసలును తీసుకోలేరు. మీరు బాకీ పడితే, ఆమె ముందే సంతకం చేసి ఇచ్చిన పత్రం బలంతో బ్యాంకు ఆ డబ్బును మీ అప్పులోకి సర్దుకుంటుంది. ఇంటి మీదికి రావడం అంత సులువు కాదు. బాకీ 90 రోజులు దాటి ఖాతా మొండి బాకీగా మారాలి, ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇవ్వాలి, స్వాధీనం, వేలం ఆ తరువాతి మాట. డిపాజిట్‌కు ఇంత తతంగం లేదు. అందుకే బ్యాంకులకు అదంటే అంత ఇష్టం.

అమ్మగారు సంతకం చేసే లీన్ పత్రంలో రెండు చోట్ల వేలు పెట్టి చదివించుకోండి. మొదటిది, ఏ అప్పుకు హామీ అన్నది. మీ ఇంటి అప్పు ఖాతా ఒక్కటే రాసి ఉంటే మంచిది. ‘ఆల్ లయబిలిటీస్’ అని ఉంటే, రేపు మీరు అదే బ్యాంకులో బండి అప్పు తీసుకున్నా, ఎవరికైనా పూచీ పడినా ఆ బాకీలకు కూడా ఈ డిపాజిట్ జవాబు చెప్పాలి. ఇంటి అప్పు తీరినా పట్టు వదలకపోవచ్చు. రెండోది, ఎంత మొత్తానికి, ఎప్పటిదాకా అన్నది. ఇది ఖాళీగా ఉంటే అప్పు పూర్తిగా తీరేదాకా అనే అర్థం.

అప్పు తీరగానే లీన్ దానంతట అదే పోతుందని కూడా అనుకోకండి. విజయనగరంలో నేను తీసుకున్న తొలి అప్పు తీరి ఏడాది దాటాక, అమ్మాయి కాలేజీ ఫీజుకు డిపాజిట్ తీద్దామని వెళితే కంప్యూటర్లో లీన్ అలాగే కూర్చుని ఉంది. తీయమని నేను రాసి ఇవ్వలేదు, తీయాలని వాళ్లకు తోచలేదు. ఫీజు చేబదులు తెచ్చి కట్టాను.

ఇక ఆ అంకెల పేజీలు. అమార్టైజేషన్ అంటే ప్రతి వాయిదాలో వడ్డీకి ఎంత, అసలుకు ఎంత పోతుందో చూపించే లెక్క. ఏడాదికి 9 శాతం అంటే మన ఊళ్ల లెక్కలో నెలకు నూటికి ముప్పావలా వడ్డీ. 10 లక్షలకు మొదటి నెల వడ్డీ 7,500 రూపాయలు. మీ వాయిదా సుమారు 10,143. అంటే అసలులోంచి తగ్గేది 2,643 మాత్రమే. రెండో నెల ఆ తగ్గిన అసలు మీదే వడ్డీ కడతారు కాబట్టి వడ్డీ 20 రూపాయలు తగ్గుతుంది, అసలు భాగం అంతే పెరుగుతుంది. ఈ మార్పు ఎంత నిదానమంటే, అసలు భాగం వడ్డీని దాటేది 89వ వాయిదాలో, అంటే ఏడేళ్లు గడిచాక. ఇందులో మోసమేమీ లేదు. బాకీ పెద్దదిగా ఉన్నప్పుడు వడ్డీ పెద్దదిగానే ఉంటుంది.

ఇల్లు కడుతున్నప్పుడు పునాదికి, శ్లాబుకు విడతలుగా డబ్బు ఇస్తారు. అన్ని విడతలూ అందేదాకా సాధారణంగా ఇచ్చిన మేరకు వడ్డీ మాత్రమే కట్టించుకుంటారు. ఆ నెలల్లో అసలు రూపాయి కూడా తగ్గదు. పట్టిక ఆ తరువాతే మొదలవుతుంది.

ఇప్పుడు ఆ పట్టికలో 60వ వరుస చూడండి. మిగిలిన బాకీ సుమారు 8 లక్షలు ఉంటుంది. బ్యాంకు 10 లక్షలకు అదనంగా కోరిన హామీ 2 లక్షలే కదా! ఐదేళ్లు సక్రమంగా కట్టాక ఆ 2 లక్షలు తీరిపోయాయి. కాబట్టి బాకీ 8 లక్షలకు దిగగానే డిపాజిట్ మీద లీన్ తొలగిస్తామని మంజూరు పత్రంలో ఒక వాక్యం రాయమని అడగండి. ఒప్పుకోవాలన్న నియమం లేదు. కానీ సంతకానికి ముందు అడిగితే ఒప్పుకునే అవకాశం ఉంటుంది, తరువాత ఉండదు.

ఆ రోజును దగ్గరకు లాక్కోవడం కూడా మీ చేతిలో ఉంది. మొదటి ఏడాది చివర 50,000 అదనంగా కట్టారనుకోండి. వాయిదా మార్చకుండా ఉంచితే, బాకీ 60వ నెలకు కాక 44వ నెలకే 8 లక్షలకు వస్తుంది. మొత్తం గడువులో సుమారు 16 వాయిదాలు తగ్గుతాయి, వడ్డీలో లక్షకు పైగా మిగులుతుంది. సొంతింటికి మారే వడ్డీ మీద తీసుకున్న అప్పుకు ఇలా ముందే కడితే రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. కట్టేటప్పుడు ‘వాయిదా అంతే ఉంచండి, గడువు తగ్గించండి’ అని రాసి ఇవ్వండి.

ఈ అంకెలన్నీ 9 శాతం దగ్గరే ఆగితేనే నిజం. మొదటి నుంచే 10 శాతం అనుకుంటే, అదే వాయిదాతో 180 నెలల బదులు 208 నెలలు కట్టాలి. వడ్డీ పెంచినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అని మిమ్మల్ని అడగాలి. అడిగేదాకా ఆగకుండా ఏటా ఒకసారి కొత్త పట్టిక తీసుకోండి.

ఇంగ్లీషు సంగతి: అప్పు ముఖ్య వివరాలతో కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలి. 2024 అక్టోబరు 1 తరువాత మంజూరైన అప్పులకు దాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలన్నది నియమం. తెలుగులో అడిగి తీసుకోండి. అందులోని షరతులకు కనీసం మూడు పనిదినాలు బ్యాంకు కట్టుబడి ఉండాలి. కాబట్టి కౌంటరు దగ్గర నిలబడి సంతకం చేయనక్కరలేదు. ఇంటికి తెచ్చి అమ్మగారికి చదివి వినిపించండి. లీన్ పత్రంలో మీ ఇంటి అప్పు ఖాతా ఒక్కటే ఉందని తేలాకే ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లండి.