499 పెట్టాల్సింది 520 కుర్తీకి కాదు, 470 కుర్తీకి

ప్రశ్న: తెనాలిలో ఇంటి ముందు గదిలో కుర్తీలు, లెగ్గింగ్స్ అమ్ముతాను, మగ్గం వర్క్ బ్లౌజులు చేయించి ఇస్తాను. రూ.380 పడే కుర్తీ రూ.520కి నెలకు 60 పోతాయి. రూ.350 పడేది రూ.470కి 40 పోతాయి. రూ.520 కుర్తీని రూ.499 చేసి, అన్ని రేట్ల చివరా 9 పెడితే బేరం పెరుగుతుందంటున్నారు. ఆ నమ్మకంతో దసరా సరుకుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తేవచ్చా? ఇంటికీ కొట్టుకీ కలిపి నెలకు రూ.35,000 ఖర్చు, చేతిలో రూ.15,000 ఉంది.

జవాబు: ఆ అప్పు తేవద్దు. 2 లక్షలకు నెలకు రూ.4,000 వడ్డీ. 499కి అమ్మితే మీకు కుర్తీకి మిగిలేది రూ.119. అంటే 34 కుర్తీలు వడ్డీ కోసమే అమ్మాలి, అసలు అలాగే ఉంటుంది. రేటు తగ్గిస్తే బేరం పెరుగుతుందన్న ఊహ మీద వడ్డీకి డబ్బు తెచ్చి సరుకు నింపడం చిన్న కొట్లలో తరచూ చూసే తప్పు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ఇక 9 సంగతి. దాని బలం ఎక్కువగా ముందు అంకెలో ఉంది. మనం రేటును ఎడమ నుంచి చదువుతాం కాబట్టి 499 నాలుగొందల్లోనూ, 500 ఐదొందల్లోనూ పడిపోతాయి. ముందు అంకె మారకుండా రూపాయి తగ్గిస్తే పెద్దగా ఒరిగేది లేదు. లెగ్గింగ్స్‌ని 230 నుంచి 229 చేస్తే మీకు మిగిలేది చిల్లర తిప్పలే.

520ని 499 చేస్తే ముందు అంకె మారుతుంది, నిజమే. కానీ ఒక్కో కుర్తీ మీద 140 మిగిలే చోట 119 మిగులుతుంది. ఇప్పుడు 60 కుర్తీల మీద వచ్చే రూ.8,400 రావాలంటే 71 అమ్మాలి. ఆ పదకొండు మంది కొత్తగా వస్తారని ఎవరూ హామీ ఇవ్వలేరు.

9ని పైకి వాడండి. 470 రకాన్ని 499 చేయండి. ముందు అంకె నాలుగే ఉంటుంది, కుర్తీకి రూ.29 అదనంగా మిగులుతుంది. 40 అమ్మితే నెలకు రూ.1,160. అమెరికాలో ఆండర్సన్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగంలో, కేటలాగ్ ద్వారా అమ్మే ఆడవాళ్ల దుస్తుల్లో 39 డాలర్ల రేటు 44 కంటేనే కాదు, 34 కంటే కూడా ఎక్కువ అమ్మింది. కొనేవాళ్లకు పాత రేటు తెలియని కొత్త సరుకులో ఈ ప్రభావం ఎక్కువ. పక్కనే సేల్ అని రాసి ఉంటే తగ్గింది. కాబట్టి కొత్త డిజైన్లకే 499 పెట్టండి. పోయిన నెల 470కి కొన్న ఆవిడకు అదే కుర్తీ మీద 499 చీటీ కనిపిస్తే బేరం పోతుంది, నమ్మకమూ పోతుంది.

మగ్గం బ్లౌజుకు మాత్రం 9 వద్దు. పెళ్లికో సీమంతానికో చేయించుకునే చేతి పనికి 2,999 అని రాస్తే అది డిస్కౌంట్ సరుకులా కనిపిస్తుంది. 3,000 అని నిండుగా చెప్పండి. అడ్వాన్సు 1,500, మిగతాది డెలివరీకి అని లెక్క కూడా సులువుగా తెగుతుంది. 499 పెట్టిన చోట రూపాయి బిళ్లలు గల్లాపెట్టెలో ఉంచుకోండి, రూపాయికి బదులు చాక్లెట్ చేతిలో పెట్టకండి.

పనిచేస్తోందో లేదో చూడడానికి దాదాపు ఒకేలాంటి కొత్త డిజైన్లు రెండు తీసుకోండి. ఒకదానికి 499, రెండోదానికి 470 పెట్టండి, రేట్లు మార్చకుండా నాలుగు వారాలు నోట్‌బుక్‌లో రాయండి. పండగ వారాలు లెక్కలోకి తీసుకోకండి. వారానికి పది కుర్తీల బేరంలో ఒకటి రెండు అటూ ఇటూ కావడం మామూలే, దాన్ని ఫలితం అనుకోకండి.

అసలు నన్ను కంగారు పెట్టింది మీ రూ.15,000. అది రెండు వారాల ఖర్చుకు కూడా చాలదు. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే రూ.2,10,000, వేరే ఖాతాలో ఉండాలి. మీరు అప్పు అడుగుతున్న మొత్తం కూడా దాదాపు అంతే! మీరు జ్వరంతో పది రోజులు కొట్టు మూసినా అప్పిచ్చినవాడు వడ్డీ ఆపడు. 499 వల్ల వచ్చే రూ.1,160తో మొదలుపెట్టి, ఒక్కో బ్లౌజు మీద రూ.300 పక్కన పెట్టి, ఆ ఖాతాలో వేయండి. యూపీఐకి దాన్ని కలపకండి. కనీసం మూడు నెలల ఖర్చు, రూ.1,05,000, చేరేదాకా ఏ అప్పు మాటా ఎత్తొద్దు. బంగారం లోను వడ్డీ తక్కువే అయినా మీకు ఇప్పుడు అదీ వద్దు. సరుకుకు అగ్నిప్రమాద బీమా చేయించండి.

దసరాకు మామూలుగా తెచ్చే సరుకులో సగం మొదట తెచ్చుకోండి, అది అమ్మిన డబ్బుతో రెండో విడత తెచ్చుకోండి. అమ్ముడుపోని సైజులు మార్చి ఇస్తారా అని హోల్‌సేల్ షాపులో ముందే అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.