గులాబీ రంగు పురుగు విషానికి అలవాటు పడుతుందా?

ప్రశ్న: సార్, మాది ఆదోని దగ్గర పల్లె. ఐదెకరాల్లో బీటీ పత్తి వేసినాము. మొన్న రైతు శిక్షణలో గోడ మీద ఒక స్లైడ్ చూపించినారు. తరం 1 నుంచి తరం 5 దాకా ఐదు ఎర్ర పట్టీలు. విషాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగులు నూటికి 2 ఉన్నవి 8, 25, 57, 84 అయినాయని చెప్పినారు. ఇది ఎట్లా పెరిగింది? పురుగు విషం తినీ తినీ అలవాటు పడిపోతుందా? మందు డోసు రెట్టింపు చేస్తే ఆగుతుందా?
– ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: అలవాటు పడదండి. మనం కారానికి అలవాటు పడినట్టు ఒక పురుగు తన బతుకులో బీటీ విషానికి, అంటే బీటీ పత్తి మొక్క తనలోనే తయారుచేసుకునే విషానికి, అలవాటు పడిపోవడం ఉండదు. తట్టుకోలేని పిల్ల పురుగు కాయలో కొంచెం తినగానే చచ్చిపోతుంది. తట్టుకునేది గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పటికే తట్టుకునేదిగా పుడుతుంది.

ఆ తేడా పురుగు పేగులో ఉంటుంది. బీటీ విషం పేగు గోడ మీద ఒక ప్రత్యేకమైన చోట అతుక్కుంటేనే పని చేస్తుంది, అప్పుడే పేగుకు రంధ్రాలు పడతాయి. కొన్ని పురుగులకు జన్యువులో ఎప్పుడో వచ్చిన మార్పు వల్ల ఆ చోటు వేరుగా ఉంటుంది. విషం లోపలికి వెళ్తుంది కానీ అతుక్కోదు. ఈ మార్పు మన పత్తిని చూసి వచ్చింది కాదు. గొర్రెల మందలో ఒకటో రెండో మచ్చ గొర్రెలు పుట్టినట్టు, వేల పురుగుల్లో ఎక్కడో ఒకటి అలా పుడుతూనే ఉంటుంది. విషం లేని చేలో ఆ తేడాకు విలువ లేదు, విషం ఉన్న చేలో ప్రాణం దానిమీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు మీ స్లైడ్‌లోని అంకెలను చేతి లెక్కతో చూద్దాం. చేలో 1000 పిల్ల పురుగులు ఉన్నాయనుకోండి. నూటికి 2 చొప్పున తట్టుకునేవి 20, మామూలువి 980. తట్టుకునే వాటిలో నూటికి 80, మామూలు వాటిలో నూటికి 20 బతుకుతాయని అనుకుందాం. లెక్క చేతికి అందడానికి అనుకున్న అంకెలే ఇవి, చేలో ఇవే ఉండాలని లేదు. అప్పుడు తట్టుకునేవి 16 మిగులుతాయి, మామూలువి 196 మిగులుతాయి. మొత్తం 212.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తట్టుకునే పురుగులు 20 ఉన్నవి 16 అయ్యాయి, అంటే తగ్గాయి. అయినా ఎర్ర పట్టీ నూటికి 2 నుంచి దాదాపు 8కి లేచింది, ఎందుకంటే 212లో 16 అంటే నూటికి ఏడున్నర. ఎర్రవి పెరిగి కాదు, పక్కనున్నవి ఎక్కువగా చచ్చి పట్టీ లేచింది. స్లైడ్ చూసిన చాలామంది ఇక్కడే పొరబడతారు. పట్టీ చూపించేది పురుగుల లెక్క కాదు, నూటికి ఎంత అన్న వాటా మాత్రమే.

బతికిన ఆడ రెక్కల పురుగు ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు పెడుతుంది కాబట్టి చేను మళ్లీ 1000 పిల్ల పురుగులతో నిండుతుంది. పిల్లలు తల్లిదండ్రుల పోలికే కనుక ఇప్పుడు తట్టుకునేవి 75, మామూలువి 925. మళ్లీ అదే విషం. 60 ఒకవైపు, 185 ఒకవైపు మిగులుతాయి. 245లో 60 అంటే నూటికి సుమారు 25. తర్వాతి తరంలో ఇదే లెక్క చేస్తే 57, ఆ తర్వాత 84. ఏ పురుగూ మారలేదు. ప్రతి తరంలోనూ ఎవరు మిగిలి పిల్లల్ని కన్నారో అది మాత్రమే మారింది. దీన్నే ప్రకృతి వరణం అంటారు. మంచి పొట్టేలును మీరు ఏరి మందలో ఉంచినట్టే ఇదీ ఒక ఏరివేత, కాకపోతే ఇక్కడ ఏరేది మనిషి కాదు, చేలోని విషం.

ఇదే లెక్కలో ఇంకో నాలుగు అంకెలు చూడండి: ఒక్కో తరంలో విషం తర్వాత మిగిలిన పురుగులు మొత్తం 212, 245, 347, 539. మొదటి రెండు తరాల్లో మీ కంటికి ఏ తేడా కనపడదు. 212కీ 245కీ తేడాను ఏ రైతు పట్టగలడు? కానీ ఆ వేళకే ఎర్ర పట్టీ 2 నుంచి 25కి చేరిపోయింది. కాయలు పుచ్చిపోయి, గుడ్డి పత్తి ఎక్కువై, ఈ ఏడు విత్తనం మోసం చేసిందని మనకు అనిపించేది మూడో, నాలుగో తరంలో. నిజానికి జరగాల్సింది అంతకు ముందే జరిగిపోయింది.

ఇది మన దేశంలో జరిగిన కథే. 2002లో ఒక్క విషం ఉన్న బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో రెండు విషాలున్నది వచ్చింది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి విషాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగు బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే రెండోదాన్నీ తట్టుకునేవి కనిపించాయి. ఇదే పురుగు అమెరికాలోని అరిజోనాలో బీటీ పత్తి వేస్తున్నా పదేళ్లకు పైగా లొంగే ఉంది. అక్కడి రైతులు పక్కన నాన్-బీటీ పత్తి వేస్తూ వచ్చారు. తర్వాత సంతానం లేని మగ పురుగులను వదలడం వంటివీ తోడై, 2018లో అమెరికా పత్తి చేలల్లో ఈ పురుగు లేకుండా పోయిందని ప్రకటించారు.

నాన్-బీటీ పత్తి ఏం చేస్తుందో మన లెక్కలోనే చెప్తాను. స్లైడ్‌లో సులువు కోసం పిల్ల ఒక్కరి పోలికే అన్నట్టు చూపించారు. నిజానికి పిల్లకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులు వస్తాయి. ఈ పురుగు సాధారణంగా రెండూ తట్టుకునేవైతేనే బీటీ కాయలో బతుకుతుంది. బీటీ చేలో మిగిలిన 16 పురుగులకు పక్కన విషం లేని నాన్-బీటీ పత్తిలో పెరిగిన మామూలు రెక్కల పురుగులు వందల కొద్దీ దొరికితే, జోడీ ఎక్కువగా వాటితోనే కుదురుతుంది. పుట్టే పిల్లకు తట్టుకునే జన్యువు ఒక్కటే ఉంటుంది, బీటీ కాయ తిని చచ్చిపోతుంది. ఎర్ర పట్టీ లేవడం చాలా నెమ్మదిస్తుంది. అందుకే అప్పట్లో 450 గ్రాముల బీటీ విత్తనం పక్కన 120 గ్రాముల నాన్-బీటీ పొట్లం ఇచ్చేవారు. చాలా ఊళ్లలో ఆ పొట్లం గట్టు మీదే పారేశారు. ఒకటి రెండు వరసల్లో పురుగు తింటుందని భయపడ్డారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఎర్ర పట్టీ 2 దగ్గర ఉన్నప్పుడు పనికొచ్చే ఉపాయం అది. 84 దగ్గర చేరాక పక్కన ఉన్న మామూలు పురుగులు చాలవు.

డోసు రెట్టింపు సంగతి. చేలోని బీటీ విషాన్ని మనం పెంచలేం కనుక మీరు అడిగింది పిచికారీ మందు గురించే అనుకుంటున్నాను. మందుకు తట్టుకునే పురుగులు చేలో ఉన్నప్పుడు డోసు పెంచితే మామూలువి నూటికి 20 బతికేవి 10కి పడతాయనుకోండి, తట్టుకునేవి 80 నుంచి 70కి తగ్గుతాయనుకోండి. ముందు తేడా నాలుగు రెట్లు, ఇప్పుడు ఏడు రెట్లు. పట్టీ ఇంకా నిటారుగా లేస్తుంది. ఆ వారం పురుగు తగ్గినట్టు కనిపిస్తుంది, ఏరివేత మాత్రం ముదురుతుంది. ఒకే మందును వరసగా కొట్టడం కూడా ఇదే. షాపులో డబ్బా పేరు మారితే మందు మారినట్టు కాదు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూసి, వేరే వర్గానిది మార్చి కొట్టండి.

స్లైడ్‌లో పట్టీ లేచిన ప్రతిసారీ కారణం ఏరివేతే అనుకోకండి. మీరు పది కాయలు మాత్రమే కోసి చూసి, నిరుడు రెండింటిలో పురుగు, ఈ ఏడు నాలుగింటిలో ఉందంటే అది వట్టి అదృష్టం ఆటైనా కావచ్చు. పక్క చేను నుంచి తట్టుకునే రెక్కల పురుగులు ఎగిరొచ్చినా మీ పట్టీ లేస్తుంది. విత్తనంలో బీటీ జన్యువే సరిగా లేకపోయినా కాయలో పురుగు కనిపిస్తుంది, అప్పుడు పురుగు తప్పేమీ లేదు. అందుకే ల్యాబ్‌లో చేల నుంచి తెచ్చిన పురుగుల్ని విషం లేని మేతతో పెంచి, వాటి పిల్లలకు విషం పెట్టి చూస్తారు. అంతకు ముందు విషం రుచే చూడని ఆ పిల్లలు కూడా బతికితే అది వారసత్వంగా వచ్చిన గుణమని తేలుతుంది. మీ మొదటి ప్రశ్నకు అసలైన రుజువు అదే.

ఇక మీ చేనుకు. వాన మీద జూన్, జూలైలో వేసిన పత్తికి ఈ పురుగు పూత నుంచి మొదలై సుమారు నెలకో తరం తీస్తుంది. నీళ్లున్నాయని పంటను మార్చి దాకా ఉంచితే రెండు మూడు తరాలు అదనంగా కలుపుతాం. డిసెంబరు ఆఖరుకల్లా తీత ముగించి కట్టె పీకేయండి. పగలని కాయలతో ఉన్న కట్టెను గట్టు మీద కుప్ప పెట్టకండి, పురుగు ఆ కాయల్లోనే, గింజలోనే నిద్రపోయి వచ్చే ఏడు లేస్తుంది. ఈ పని ఊరంతా చేస్తేనే ఫలం, ఒక్క చేను మిగిలినా అక్కడి నుంచి పురుగు అందరికీ ఎగురుతుంది.

పూత మొదలయ్యేటప్పటికే ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు పెట్టండి. బుట్టకు వరసగా మూడు రాత్రులు రాత్రికి 8 చొప్పున పడితే మందు ఆలోచన చేయాలి. రేకులు విప్పుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు కనిపిస్తే కోసి నలిపేయండి, లోపల తెల్లగా సన్నటి పిల్ల ఉంటుంది, ఇంకా గులాబీ రంగు తిరిగి ఉండదు.

వారానికోసారి చేను నాలుగు మూలలా, నడుమా తిరిగి వేలి లావున్న 20 పచ్చి కాయలు కోసి పగలగొట్టండి. బయట రంధ్రం కోసం వెతకొద్దు, పిల్ల దూరిన చోటు పూడిపోతుంది. తొనల మధ్య గోడ మీద చిన్న రంధ్రాలు, గింజ దగ్గర మరక చూడండి. 20లో 2 కాయల్లో పురుగు ఉంటే మందు కొట్టే వేళ అయినట్టే. ఆ అంకెను తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. వచ్చే ఏడు అదే వారం మళ్లీ 20 కాయలే కోసి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మాకు చూపించండి.