బోస్టన్‌లో అద్దె ఇల్లు: సంతకానికి ముందు యజమానిని అడగవలసినవి

ప్రశ్న: సెప్టెంబరులో బోస్టన్‌లో ఎం.ఎస్.లో చేరుతున్నాను. మరో ఇద్దరితో కలిసి రెండు ఇళ్లు చూశాం. ఒకదాని అద్దె హీటింగ్, వేడినీళ్లతో కలిపి నెలకు 2,900 డాలర్లు, రెండోది అవేమీ లేకుండా 2,700. లీజు సెప్టెంబరు 1న మొదలవుతుంది. రెంటర్స్ ఇన్సూరెన్స్, గ్యారంటర్ కావాలంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి సంతకం చేస్తానన్నాడు. యజమానిని ఏమేమి అడగాలి?

జవాబు: ముందుగా రెండో ఇంటి యజమానిని గత చలికాలపు గ్యాస్ బిల్లులు చూపమని అడగండి. ఆ బిల్లు చలి ఎక్కువగా ఉండే ఐదు నెలల్లో 400 డాలర్ల చొప్పున, మిగిలిన ఏడు నెలల్లో 90 చొప్పున వచ్చిందనుకుంటే ఏడాదికి 2,630 అవుతుంది. అద్దెలో తేడా వల్ల మీకు మిగిలేది 2,400 మాత్రమే కనుక, ఆ లెక్కన చవకగా కనిపించిన ఇల్లే 230 డాలర్లు ఎక్కువ పడుతుంది. మాసాచుసెట్స్‌లో హీటింగ్ ఖర్చు అద్దెదారుదేనని లీజులో రాస్తే తప్ప అది యజమానే భరించాలి. కాబట్టి ఆ వాక్యం ఉందో లేదో మీరే చదివి చూసుకోండి. కరెంటు, ఇంటర్నెట్ ఎవరివన్నది కూడా ఈమెయిల్‌లోనే రాయించుకోండి.

అక్కడ చాలా లీజులు ఆగస్టు 31న ముగిసి మర్నాడే కొత్తవి మొదలవుతాయి కనుక, పాతవాళ్లు ఖాళీ చేసేదాకా మీకు తాళంచెవి రాదు. ఎఫ్-1 వీసాపై కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే వెళ్లవచ్చు గానీ, ఆ మధ్య రోజులకు బస ఖర్చు విడిగా పెట్టుకోవాలి. ముందే దిగనిస్తామంటే రోజుకు ఎంత తీసుకుంటారో అడగండి.

అన్నిటికన్నా ఆలోచించవలసింది గ్యారంటీ విషయం. ముగ్గురూ ఒకే లీజుపై సంతకం చేస్తే సాధారణంగా మొత్తం అద్దెకు ఒక్కొక్కరూ బాధ్యులే. మీ స్నేహితుడు మధ్యలో వెళ్లిపోతే అతని వాటా కూడా మీ అన్నయ్య మీద పడవచ్చు. గ్యారంటీని మూడో వంతు అద్దెకు, ఈ ఒక్క ఏడాదికి పరిమితం చేస్తూ రాయగలరా అని అడగండి. ఒప్పుకోకపోతే ఆ సంగతి అన్నయ్యకు దాచకుండా చెప్పాకే సంతకం చేయించండి. గ్యారంటర్ లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టమనే వాళ్లుంటారు. కానీ ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఇంట్లో దిగేటప్పుడు మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, ఒక నెల అద్దెకు మించని డిపాజిట్, తాళం మార్చే ఖర్చు మాత్రమే అడగాలి. డిపాజిట్‌ను వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, 30 రోజుల్లో ఆ ఖాతా వివరాలతో రసీదు ఇవ్వాలి.

ఇన్సూరెన్స్ విషయంలో యజమాని పాలసీ భవనానికే గానీ మీ ల్యాప్‌టాప్‌కు వర్తించదు. మీ వల్ల ఇతరులకు నష్టం జరిగితే చెల్లించే లయబిలిటీ కవర్ ఎంత కావాలో అడిగి, తాళంచెవి తీసుకునే రోజు నుంచే పాలసీ అమలయ్యేలా చూసుకోండి. రూమ్మేట్ తీసుకున్న పాలసీలో మీ పేరు లేకపోతే అది మీకు పనికిరాదు.